పెన్షన్ ఖర్చులో ఆ ఒక్క వరుస

ప్రశ్న: నమస్కారమండీ. నా వయసు 34. హైదరాబాద్‌లో ఒక అమెరికా కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. అక్కడి మాతృసంస్థ ఉద్యోగుల పెన్షన్ పథకానికి ఏటా ఖర్చు లెక్కగట్టి, ఆధారాలతో మెమో రాయడం రెండేళ్లుగా నా బాధ్యత. పెన్షన్ బాధ్యత 100 కోట్ల డాలర్లు, నిధిలో ఉన్న ఆస్తులు 90 కోట్లు. డిస్కౌంట్ రేటు 5 శాతం, సర్వీస్ కాస్ట్ 2 కోట్లు, ఏటా రిటైరైనవారికి చెల్లించేది 6 కోట్లు. కొత్తగా నిధికి జమ ఏమీ లేదు. ఆస్తులపై ఆశించే రాబడిని ఇప్పటిదాకా 7 శాతంగా తీసుకున్నాం. వచ్చే ఏడాదికి దాన్ని 7.5 చేయాలనీ, సమర్థిస్తూ మెమో రాయాలనీ అమెరికాలో మా అకౌంట్స్ పెద్ద, కంట్రోలర్ అడిగారు. ‘గత పదేళ్ల సగటు 8.5 శాతం వచ్చింది, ఆపరేటింగ్ లాభం లక్ష్యం అందుకోవాలి, ఎలాగూ ఇది అంచనాయే కదా’ అన్నారు. కానీ ఈ ఏడాదే నిధిలో షేర్ల వాటాను 70 శాతం నుంచి 50కి తగ్గించి, ఆ డబ్బుతో బాండ్లు కొన్నారు. అలాంటప్పుడు రాబడి పెరుగుతుందని ఎలా రాయను? గట్టిగా చెబుదామంటే నా లెక్క మీద నాకే నమ్మకం లేదు. 7 శాతంతో నాకు ఖర్చు 70 లక్షల డాలర్లు వస్తుంటే, పెన్షన్ బాధ్యతలు లెక్కగట్టే నిపుణుడు, మా యాక్చువరీ, 76 లక్షలు చూపిస్తున్నారు. మార్చిలో నా ప్రమోషన్ విషయం తేలుతుంది. మా వారు ‘పైవాళ్ల నిర్ణయం, రాసిచ్చేయి’ అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ముందు ఆ ఆరు లక్షల సంగతి తేల్చేద్దాం. మీ భయానికి సగం వేరు అక్కడే ఉంది. మీరు 100 కోట్లకు 5 శాతం చొప్పున వడ్డీ 5 కోట్లు, 90 కోట్లకు 7 శాతం చొప్పున రాబడి 6.30 కోట్లు వేసి ఉంటారు. సర్వీస్ కాస్ట్ 2 కోట్లు కలిపితే 70 లక్షలు వస్తుంది. కానీ ఆ 6 కోట్ల పెన్షన్లు డిసెంబరు 31న ఒకేసారి వెళ్లవు, నెలనెలా వెళతాయి. సగటున చూస్తే 3 కోట్లు ఏడాది పొడవునా నిధిలో లేనట్టే, అంత బాధ్యత కూడా లేనట్టే. అందుకని యాక్చువరీ వడ్డీని 97 కోట్ల మీద, రాబడిని 87 కోట్ల మీద కట్టారు. వడ్డీ 4.85 కోట్లు, రాబడి 6.09 కోట్లు, ఖర్చు 76 లక్షలు. మీకు తెలియనిది ఈ చిన్న సర్దుబాటు ఒక్కటే. పద్ధతి మీకు బాగానే వచ్చు, ఆ మాట మనసులో పెట్టుకుని మిగతాది చదవండి. కింద నేను సులువు కోసం ఈ సర్దుబాటు లేకుండా మీ అంకెలే వాడతాను.

ఇప్పుడు అసలు విషయం. మీరు రాసే మూడు వరుసలూ ఒక తీరువి కావు. సర్వీస్ కాస్ట్ అంటే ఉద్యోగులు ఈ ఏడాది పనిచేసినందుకు కొత్తగా సంపాదించుకున్న పెన్షన్ హక్కు నేటి విలువ. జీతాలు, వయసులు, ఎంతమంది మధ్యలో మానేస్తారన్న లెక్కల నుంచి అది వస్తుంది. ఇంటరెస్ట్ కాస్ట్ అంటే పాత బాధ్యత చెల్లింపుకు ఒక ఏడాది దగ్గరపడినందువల్ల పెరిగే మొత్తం. దాని రేటు, అంటే మీ డిస్కౌంట్ రేటు, మార్కెట్లో మేలిరకం కార్పొరేట్ బాండ్లు ఇస్తున్న రాబడికి కట్టుబడి ఉంటుంది. ఈ రెండింటిలోనూ అంచనాలు ఉన్నాయి కానీ వాటికి బయట ఒక కొలబద్ద ఉంది. మూడో వరుస, అంటే ఆశించే రాబడి, ఖర్చులోంచి తీసివేసేది. పైగా అది నిధికి నిజంగా వచ్చిన రాబడి కూడా కాదు. ఏడాది మొదట్లో, దీర్ఘకాలంలో ఇంత వస్తుందని కంపెనీ తానే చెప్పుకున్న అంకె. కంట్రోలర్ చేయి మూడో వరుస మీదికే వెళ్లడానికి కారణం ఇదే.

ఆ చేయి ఎంత కదిలిస్తుందో చూడండి. 6.5 శాతం వేస్తే రాబడి 5.85 కోట్లు, ఖర్చు 1.15 కోట్లు. 7.5 వేస్తే రాబడి 6.75 కోట్లు, ఖర్చు 25 లక్షలు. ఒక్క శాతానికి 90 లక్షల డాలర్లు. ఉద్యోగులు అంతే పని చేశారు, పెన్షనర్లు అంతే తీసుకుంటారు, నిధిలో డబ్బు అంతే ఉంది.

మరి ఆ 90 లక్షలు ఎక్కడికి పోయాయి? ఇది మీరు చేతితో కాగితం మీద ఒకసారి వేసి చూసుకోవాల్సిన లెక్క. ఏడాది చివరికి నిధి నిజంగా 3 శాతమే సంపాదించిందనుకోండి, అంటే 2.70 కోట్లు. మీరు 6.5 శాతం ఆశించి ఉంటే 3.15 కోట్లు తక్కువ వచ్చినట్టు. 7.5 ఆశించి ఉంటే 4.05 కోట్లు తక్కువ వచ్చినట్టు. ఈ తక్కువ వచ్చినది ఆ ఏడాది లాభనష్టాల ఖాతాకు రాదు, ఓసీఐ అనే ఇతర సమగ్ర ఆదాయంలో కూర్చుంటుంది. రెండింటినీ కూడి చూడండి. 1.15కు 3.15 కలిపితే 4.30. 25 లక్షలకు 4.05 కోట్లు కలిపితే అదే 4.30. ఏడాది చివర బ్యాలెన్స్ షీటులో నిధి లోటు రెండు దారుల్లోనూ ఒక్కటే. రేటు పెంచితే ఖర్చు తగ్గదు, అందరూ చూసే గదిలోంచి ఎవరూ పెద్దగా చూడని గదిలోకి మారుతుంది.

అలా మారినది మళ్లీ రాదా అంటే, కొంత వస్తుంది, నెమ్మదిగా వస్తుంది. అమెరికా నిబంధనల్లో కారిడార్ అని ఒకటి ఉంది. బాధ్యత, ఆస్తులు ఈ రెండింటిలో ఏది పెద్దదైతే దానిలో 10 శాతం వరకు పేరుకున్న నష్టాన్ని కదపనక్కరలేదు. మీ పథకంలో ఆ గీత 10 కోట్ల దగ్గర ఉంది. దాన్ని దాటిన భాగాన్నే ఉద్యోగుల సగటు మిగిలిన సర్వీసు మీద పంచి, ఏటా కొంత ఖర్చులోకి తేవాలి. మీ దగ్గర ఇప్పటికే 10 కోట్లకు మించి నష్టం పేరుకుని, మిగిలిన సర్వీసు పదేళ్లనుకుంటే, ఈ ఏడాది దాచిన 90 లక్షల్లోంచి వచ్చే ఏడాది తిరిగి వచ్చేది 9 లక్షలే. గీత లోపలే ఉంటే ఒక్క డాలరు కూడా రాదు. అందుకే ఈ రేటు మీద అందరికీ అంత మోజు. లాభం ఇవాళే కనబడుతుంది, వాయిదాలు మాత్రం ఆ కుర్చీలో తర్వాత కూర్చునేవారు కట్టుకుంటారు. యాక్చువరీ నివేదికలో పేరుకున్న నష్టం ఎంతో, గీతకు ఎంత దూరంలో ఉన్నారో వెతికి చూడండి. మీ మెమోకు అది తప్పనిసరి.

మన దగ్గర పరిస్థితి వేరు కాబట్టి మీకు ఇంకా తికమకగా ఉండి ఉంటుంది. మీ హైదరాబాద్ కార్యాలయం గ్రాట్యుటీ నివేదిక తెప్పించుకుని చూడండి. అది మన దేశపు కొత్త అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 19 ప్రకారం చేసినదైతే అందులో ఆశించే రాబడి అనే వరుసే ఉండదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 19ను 2011లో సవరించినప్పుడు దాన్ని తీసేశారు, 2013 నుంచి అమల్లోకి వచ్చింది. బాధ్యతలోంచి ఆస్తులు తీసేసి, మిగిలిన లోటు మీద ఒకే డిస్కౌంట్ రేటు వేస్తారు. మీ అంకెలే పెడితే లోటు 10 కోట్లు, దానిపై 5 శాతం 50 లక్షలు, సర్వీస్ కాస్ట్‌తో కలిపి 2.50 కోట్లు. అదే పథకం, ఒక పద్ధతిలో 2.50 కోట్లు, ఇంకో పద్ధతిలో 25 లక్షలు! పాత ఏఎస్ 15 కింద ఉన్న కంపెనీలకు ఆశించే రాబడి వరుస ఇప్పటికీ ఉంది, అయితే అక్కడ తేడా అదే ఏడాది లాభనష్టాల ఖాతాకే వచ్చి పడుతుంది కాబట్టి దాచుకోవడానికి చోటు లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏఎస్ 15 నివేదికలే చూశాను. అందుకని, అమెరికా లెక్క మొదటిసారి చేతికి వచ్చినప్పుడు తక్కువ పడ్డ రాబడి ఎటు పోయిందా అని రెండు రోజులు వెతికాను.

ఇక 7.5 న్యాయమేనా అన్నది. ‘అంచనాయే కదా’ అన్న మాటను కొట్టిపారేయకండి, నిజంగానే అంచనా. 6.3 అన్నా 6.8 అన్నా ఎవరూ తప్పు పట్టలేరు. కానీ అమెరికా ప్రమాణం ఆ అంచనాకు ఒక హద్దు గీసింది. ఇప్పుడు పెట్టుబడిలో ఉన్న డబ్బు, ఇకపై పెట్టబోయే డబ్బు సగటున ఎంత సంపాదిస్తుందని ఆశిస్తామో దాన్ని ఆ రేటు చూపాలి. కాబట్టి నిధి ఇవాళ ఎలా ఉందన్న దగ్గరే మొదలుపెట్టాలి. సగం బాండ్లు. అవి 5 శాతం ఇస్తాయనుకుంటే మొత్తానికి 2.5 శాతం సమకూరింది. మిగతా సగం షేర్లు. దీర్ఘకాలంలో 8 శాతం అనుకుంటే ఇంకో 4. మొత్తం 6.5. షేర్లు 70 శాతం ఉన్నప్పుడు ఇదే లెక్క 7.1 ఇస్తుంది, అంటే పాత 7 శాతం సబబైనదే. ఇప్పుడు 7.5 రావాలంటే షేర్లు ఏటేటా 10 శాతం ఇవ్వాలి. మీ మెమోలో తేలాల్సింది ఈ ఒక్క వాక్యమే.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. వారెన్ బఫెట్ తన బెర్క్‌షైర్ హాథవే వాటాదారులకు 2007 సంవత్సరానికి రాసిన లేఖలో సరిగ్గా ఇలాగే విప్పి చూపించారు. ఎస్ అండ్ పీ సూచీలో పెన్షన్ పథకాలున్న 363 కంపెనీలు 2006లో సగటున 8 శాతం ఆశించాయి. వాటి నిధుల్లో సుమారు 28 శాతం బాండ్లు, నగదు. వాటి మీద 5 శాతానికి మించి రాదనుకుంటే మిగిలిన 72 శాతం 9.2 సంపాదించాలి, అదీ ఫీజులన్నీ పోను. అది ఎంత కష్టమో చెప్పడానికి ఆయనకు ఈ ఒక్క భాగహారం సరిపోయింది. మీ కంట్రోలర్ ముందు కూడా ఇదే పెట్టవచ్చు.

పదేళ్ల సగటు 8.5 అన్నదానికి రెండు ప్రశ్నలు వేయండి. ఆ పదేళ్లలో షేర్ల వాటా ఎంత? 70 దగ్గర ఉన్ననాటి పంటను 50 దగ్గర ఉన్న పొలానికి అంటగట్టలేం. రెండోది, అది ఏ సగటు? ఒక ఏడాది 30 శాతం పెరిగి, మరుసటి ఏడాది 20 శాతం పడితే, మామూలు సగటు 5 శాతం అంటుంది. నిజానికి వంద రూపాయలు 130 అయి, 104కు దిగింది, ఏడాదికి 2 శాతం కూడా లేదు. 8.5 ఎలా కట్టారో ఆ షీటు అడిగి తెప్పించుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపి రెండోసారి చదివించిన మాట ‘ఆపరేటింగ్ లాభం’. కంట్రోలర్ నిజంగా ఆ మాటే అని ఉంటే, ఈ గొడవకు ఆధారమే లేదు. 2017లో అమెరికా అకౌంటింగ్ ప్రమాణాల మండలి ఈ వరుసల చోటు మార్చింది, లిస్టెడ్ కంపెనీలకు 2018 నుంచి అమలైంది. అప్పటి నుంచి సర్వీస్ కాస్ట్ మాత్రమే జీతాల ఖర్చుతో పాటు ఆపరేటింగ్ లాభానికి పైన ఉంటుంది. వడ్డీ, ఆశించే రాబడి, కారిడార్ దాటి వచ్చే ముక్క, ఇవన్నీ ఆపరేటింగ్ లాభం గీతకు కింద. అంటే మీరు 7.5 వేసినా 6.5 వేసినా, ప్రకటించే ఆపరేటింగ్ లాభంలో పైసా తేడా రాదు. ఆ 2 కోట్లు 2 కోట్లుగానే ఉంటాయి. పన్ను ముందు లాభం, నికర లాభం, షేరుకు ఆదాయం మాత్రం మారతాయి. ఆయన లక్ష్యం వాటిలో ఏదైనా కావచ్చు, లేదా లోపలి నివేదికలు ఇంకా పాత అమరికలోనే ఉండి ఉండవచ్చు. ఏదో ఒకటి అడిగి తెలుసుకోకుండా మెమోలో ఒక్క వాక్యం కూడా రాయకండి.

ఇక మీ ముందున్న దారులు. 7.5కు సమర్థనగా రాసివ్వడం ఒకటి. మార్చి వరకు ఇంటా ఆఫీసులో ప్రశాంతంగా ఉంటుంది. కానీ కంపెనీ వార్షిక నివేదికలో పెన్షన్ నోటు ఉంటుంది కదా, అందులో ఆశించే రేటూ, షేర్లు బాండ్ల వాటాలూ రెండూ అచ్చవుతాయి. షేర్లు తగ్గించి రేటు పెంచారన్నది చదివేవారెవరికైనా రెండు నిమిషాల్లో కనబడుతుంది. అంతకన్నా ముందు ఆడిటర్లు అడుగుతారు. వాటా మార్చేటప్పుడు పెట్టుబడుల కమిటీకి సలహాదారు ఇచ్చిన పత్రంలో కొత్త మిశ్రమానికి ఎంత రాబడి వస్తుందో తప్పకుండా ఒక అంకె ఉంటుంది. ఆ కాగితం వాళ్ల చేతికి వచ్చాక, తయారుచేసినవారు అన్న చోట ఉన్న పేరునే పిలుస్తారు. ఆ రోజు గదిలో మీరు ఉంటారు, మీరు నమ్మని అంకె మీ ముందు ఉంటుంది.

రెండోది, మీ లెక్క ఎటు తేలితే అటు, 6.5 అని రాసి, నిర్ణయాన్ని ఆయనకే వదలడం. మీ వారి మాటలో నిజం ఉంది, నిర్ణయం పైవాళ్లదే. మెమో మాత్రం మీది. అందులో 6.5, 7, 7.5 మూడింటికీ పక్కపక్కనే ఖర్చు ఎంత, అంత రాకపోతే ఓసీఐకి పోయేది ఎంత, ఆ రేటు నిజం కావాలంటే షేర్లు ఎంత ఇవ్వాలి అన్నది పెట్టండి. ఆయన 7.5 ఎంచుకుంటే కారణం ఆయనే రాసి సంతకం చేస్తారు. దీనికి వెల ఉంది, దాచను. ఆయన నొచ్చుకోవచ్చు, మార్చి కాస్తా సెప్టెంబరు కావచ్చు. అయినా ఇద్దరూ ఉద్యోగాల్లో నిలబడే దారి ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో మీరు ఆయన్ని కాదనడం లేదు, ఆయన ముందు పూర్తి లెక్క పెడుతున్నారు.

మధ్యలో ఒక రాజీ వస్తుంది, ‘సరే, పాత 7 దగ్గరే ఉంచుదాం’ అని. వినడానికి ఏమీ మార్చనట్టే ఉంటుంది. మిశ్రమం మారాక రేటు మార్చకపోవడమూ ఒక నిర్ణయమే, దానికీ షేర్లు 9 శాతం ఇవ్వాలి. పెట్టుబడి సలహాదారు పత్రం ఆ దరిదాపుల్లో ఉంటే ఒప్పుకోవచ్చు. లేకపోతే అది సగం 7.5 మాత్రమే.

ఖర్చు తగ్గించే నిజమైన దారి ఒకటి ఉంది, అడిగితే చెప్పండి. కంపెనీ నిధికి 10 కోట్లు అదనంగా జమచేస్తే, ఏడాది మొదట్లోనే వేస్తే, 6.5 శాతం మీదనే ఖర్చు 65 లక్షలు తగ్గుతుంది. డబ్బు చేతినుంచి పోతుంది కాబట్టి ఒప్పుకోకపోవచ్చు. కానీ 7.5 శాతం పైసా పెట్టకుండా చూపించేది ఇలాంటి లాభాన్నే అన్న సంగతి అప్పుడు మాటల్లోనే తేలుతుంది.

వాటాల అంకెలు మార్చి రాయమన్నా, కమిటీ పత్రం ఆడిటర్లకు ఇవ్వొద్దన్నా, అప్పుడు విషయం అంచనా హద్దు దాటినట్టు. అమెరికాలో లిస్టయిన కంపెనీల్లో లెక్కల మీద ఫిర్యాదులు పేరు బయటపెట్టకుండా ఆడిట్ కమిటీకి చేర్చే ఏర్పాటు 2002 నాటి సార్బేన్స్ ఆక్స్‌లే చట్టం ప్రకారం ఉండి తీరాలి. మీరు రాసినదాన్ని బట్టి విషయం అంతదూరం రాలేదు. ఆయన అడిగినవి ఈమెయిల్లో ఉంటే తీసేయకండి, ఫోనులో చెప్పి ఉంటే ‘మనం మాట్లాడుకున్నది ఇదీ’ అని రెండు వాక్యాలు మర్యాదగా రాసి పంపండి.

ఈ వారం కాల్‌లో మొదట ఒక్కటే అడగండి: లక్ష్యం ఆపరేటింగ్ లాభమా, నికర లాభమా అని. మొదటిదంటే 2018 నుంచి ఈ వరుసల చోటు ఎక్కడో చూపించండి, మాట అక్కడితో ఆగిపోవచ్చు. రెండోదంటే మీ షీటు తెర మీద పెట్టండి. బాండ్లు సగం, 5 శాతం. షేర్లు సగం, వాటి రాబడి గడి ఖాళీ. మొత్తం గడిలో 7.5 రావాలంటే ఆ ఖాళీ గడిలో 10 అని ఆయననే చెప్పనివ్వండి.